నూనన్ సిండ్రోమ్ బాబు: మూడు నెలల్లో హైట్ తగ్గింది అంటున్నారు, అలా ఉంటుందా?

బాబిఅమ్మ_గుంటూరు
అందరికీ నమస్తే. మా బాబుకి 8 ఏళ్ళ 3 నెలలు. నూనన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు, పీటీపీఎన్11 అనే జీన్‌లో మార్పు అని రెండేళ్ళ క్రితం రిపోర్ట్ వచ్చింది. గుండెలో పల్మనరీ వాల్వ్ సన్నగా ఉంటే 10 నెలలప్పుడు బెలూన్‌తో వెడల్పు చేశారు, ఇప్పుడు కొంచెం మిగిలి ఉంది అంతే, మందులేం లేవు. మెడ పక్కన చర్మం కొంచెం రెక్కలా సాగినట్టు ఉంటుంది, కాలర్ చొక్కా వేస్తే కనపడదు. నా బాధ హైట్ గురించి. జూన్‌లో ఒక చోట కొలిస్తే 112.4 వచ్చింది. మొన్న సెప్టెంబర్‌లో ఇంకో చోట కొలిస్తే 112.2!! మూడు నెలల్లో పెరగకపోగా తగ్గాడంటే ఏమనుకోవాలి. స్కూల్లో మాత్రం 115 అని కార్డు మీద రాసిచ్చారు. వాళ్ళ క్లాసులో వీడే ముందు వరసలో చివర, వీడికంటే చిన్నోళ్ళు కూడా దాటేశారు. మా అత్తగారేమో వాళ్ళ నాన్నా పొట్టే కదా ఊరుకో అంటారు. ఎదుగుదల ఆగిపోయిందా? ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్, రెండు రోజుల నుంచి నిద్ర లేదు.

ల్యాబ్_రాజన్న
మాది కరీంనగర్, ల్యాబ్‌ల పని చేస్త. మెడకు రెక్కలు, గుండె ప్రాబ్లం, పొట్టి, ఈ మూడు కలిస్తె అది టర్నర్ సిండ్రోమ్ అక్కా. క్యారియోటైప్ చేపియ్యుండ్రి, ఒక ఎక్స్ క్రోమోజోమ్ తక్కువుంటది. మేము శానా సాంపిల్స్ పంపినం.

బాబిఅమ్మ_గుంటూరు
అన్నా మాది బాబు. టర్నర్ ఆడపిల్లలకే కదా వస్తుంది?

ల్యాబ్_రాజన్న
అవు, సూసుకోలె. కానీ మగపిల్లల టర్నర్ అని కూడ పాత పుస్తకాలల్ల ఉన్నది, నేను సదివిన.

సుజి_డాలస్
రాజన్న గారూ ఆ పాత పేరే నా జీవితంలో రెండేళ్ళు తినేసింది, అందుకే రాస్తున్నా. నాకు 36, నూనన్ ఉంది. 14 ఏళ్ళకి 134 సెంటీమీటర్లు ఉన్నా, పెద్దమనిషిని కాలేదు, మెడ చూసి టర్నర్ అన్నారు, మా అమ్మతో మీ అమ్మాయికి పిల్లలు పుట్టరు అని కూడా చెప్పేశారు. క్యారియోటైప్ వస్తే మామూలుగానే 46 క్రోమోజోములు, రెండు ఎక్స్‌లూ ఉన్నాయి. అప్పుడెవరో పెద్దావిడ గుండె విని ఇది కుడి పక్క వాల్వ్ కదా, టర్నర్‌లో ఎక్కువగా ఎడమ పక్కన, అయోర్టా అనే పెద్ద రక్తనాళం దగ్గర ఉంటుంది అని అనుమానపడింది. నాకు 16కి దగ్గరపడ్డాక పీరియడ్స్ వచ్చాయి. ఇప్పుడు 151 ఉన్నా, ఒక బాబు. వాడికి లేదు, అదృష్టం, ఎందుకంటే సగానికి సగం ఛాన్స్ అన్నారు.

అసలు ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ జాక్వెలిన్ నూనన్ కూడా పిల్లల గుండె డాక్టరే, అమెరికాలో అయోవాలో పనిచేసేది. ఆ పల్మనరీ వాల్వ్ ప్రాబ్లంతో వచ్చే పిల్లలు ఒకళ్ళకొకళ్ళు చుట్టాలు కాకపోయినా ఒకే పోలికతో ఉండటం చూసి 1963లో చెప్పింది. అందులో మగపిల్లలూ ఉన్నారు ఆడపిల్లలూ ఉన్నారు. అందుకే మగపిల్లల టర్నర్ అనే పేరు తప్పు, ఇది వేరే జబ్బు. ఇంకోటి, బాబిఅమ్మ గారూ, ఇది హైట్ సంగతి కాదు గానీ పన్ను పీకించేముందు రక్తం గడ్డకట్టే పరీక్షలు అడగండి. మాలో కొంతమందికి రక్తం త్వరగా ఆగదు, నాకు జ్ఞానదంతం తీస్తే రాత్రంతా దూది మార్చుకుంటూ కూర్చున్నా.

విఎస్‌డి_నాన్న
మా పాపకి విఎస్‌డి అంటే గుండెలో హోల్. ఏడాది వరకు 5 కిలోలు దాటలేదండీ, పాలు తాగుతా తాగుతా చెమటలు. ఆపరేషన్ అయ్యాక చూడాలి, ఆరు నెలల్లో గౌన్లన్నీ పట్టకుండా పోయాయి. మీ బాబుకి మిగిలిన వాల్వ్ కూడా పూర్తిగా బాగుచేయించండి, హైట్ దానంతటదే వస్తుంది.

కొలతల_సిస్టర్
వైజాగ్‌లో పిల్లల హార్మోన్ క్లినిక్‌లో నర్సుని, 13 ఏళ్ళుగా నా పని ముఖ్యంగా పిల్లల్ని కొలవడమే. డాక్టర్ని కాదు, వైద్యం మీ డాక్టరు గారే చెప్పాలి. కానీ కొలతల గురించి నేను చెప్పగలను.

ముందు విఎస్‌డి నాన్న గారికి. మీ పాప విషయంలో మీరన్నది కరెక్టే. పెద్ద హోల్ ఉంటే తిన్నదంతా ఆ గుండె, ఊపిరి కష్టానికే ఖర్చయిపోతుంది, మూసేస్తే బరువు ముందు, హైట్ తర్వాత లేస్తాయి. నూనన్‌లో అలా కాదు. వాల్వ్ బాగున్న నూనన్ పిల్లలు కూడా పొట్టిగానే ఉంటారు. కొంచెం మిగిలిన వాల్వ్ ఇరుకు 8 ఏళ్ళ పిల్లాడి హైట్‌ని ఆపదు. అది బాగుచేయాలా వద్దా అనేది గుండె డాక్టరు గుండె కోసం చూసి చెప్పేది, హైట్ కోసం కాదు.

బాబిఅమ్మ గారూ, పిల్లాడు తగ్గలేదమ్మా, కొలత మారింది. జూన్‌లో ఎన్ని గంటలకి కొలిచారు, సెప్టెంబర్‌లో ఎన్నింటికి? పొద్దున లేచిన దానికీ సాయంత్రానికీ ఒక సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది, వెన్నుపూసల మధ్య మెత్తలు రోజంతా నొక్కుకుపోతాయి. స్కూల్ 115 అయితే షూస్‌తో కొలిచి ఉంటారు, అది పక్కన పెట్టేయండి. మీ దగ్గర పుట్టినప్పటి నుంచి ఉన్న కొలతలన్నీ ఇక్కడ రాయండి, టీకా కార్డు, గుండె ఫైలు అన్నీ తిరగేయండి.

బాబిఅమ్మ_గుంటూరు
సిస్టర్ గారూ థాంక్యూ. జూన్‌లో పొద్దున 9కి, మొన్న సాయంత్రం 6 దాటింది, అక్కడ గోడకి అంటించిన జిరాఫీ బొమ్మ టేపుతో కొలిచారు. రాత్రి కూర్చుని ఫైళ్ళన్నీ తీశా. ప్రతి పుట్టినరోజు దగ్గర్లో ఏదో ఒక చెకప్ ఉంది కాబట్టి దొరికాయి:

పుట్టినప్పుడు 49, బరువు 3.1
ఏడాదికి 70
2 ఏళ్ళకి 80
3కి 87
4కి 92.5
5కి 97.5
6కి 102.5
7కి 107.5
8కి 112.4 (జూన్‌ది ఇదే)

పుట్టినప్పుడు అందరి పిల్లల్లానే ఉన్నాడండీ, అదే నాకు అర్థం కాదు. బాలింతగా ఉన్నప్పుడే మొదలైంది, 60 ఎంఎల్ పాలు తాగడానికి ముప్పావుగంట పట్టేది, తాగింది సగం కక్కేవాడు. ఏడాదిన్నర దాటాక దానంతటదే సర్దుకుంది.

కొలతల_సిస్టర్
ఎంత బాగా దాచారమ్మా, నాకు క్లినిక్‌లో ఇలా తెచ్చేవాళ్ళు పదిమందిలో ఒకరు.

ఇప్పుడు ఒక్కో ఏడాదికి ఎంత పెరిగాడో తీసివేయండి. మొదటి ఏడాది 21. మామూలుగా 25 దాకా వస్తుంది. రెండో ఏడు 10, మామూలుగా 12 దగ్గర. మూడో ఏడు 7. ఆ తర్వాత చూడండి, 5.5, 5, 5, 5, 4.9. ఈ వయసులో మామూలు పిల్లలు పెరిగేది కూడా ఏడాదికి 5, 6 అంతే. అంటే మీ వాడు వెనకబడింది ఎక్కువగా మొదటి రెండేళ్ళలో, ఆ పాలు తాగని రోజుల్లో. మూడేళ్ళ తర్వాత నుంచి మిగతా పిల్లలతో దాదాపు సమానంగా నడుస్తున్నాడు, కాకపోతే వెనక నుంచి. చార్టు మీద పెడితే, వందమందిలో ముగ్గురే దానికంటే పొట్టిగా ఉండే 3వ గీత కింద దానికి సమాంతరంగా వెళ్తూ ఉంటుంది. నూనన్‌కి ఇదే మామూలు దారి. పుట్టినప్పుడు సరిగ్గా ఉంటారు, కొందరైతే ఒంట్లో నీరు ఉండి బరువు ఎక్కువే ఉంటారు, తర్వాత జారతారు, రెండు మూడేళ్ళకి ఒక గీత పట్టుకుంటారు, ఇక దాన్ని వదలరు.

మేము భయపడేది ఎప్పుడంటే ఆ గీతని కూడా వదిలేసి కిందకి వంగితే. ఏడాదికి 5 వచ్చేవాడికి 3 వస్తే అప్పుడు థైరాయిడ్, తిండి, గుండె, అన్నీ మళ్ళీ చూస్తారు, అంతా నూనన్ మీదకి నెట్టేయకూడదు. కానీ అది తెలియాలంటే కనీసం ఆరు నెలలు, బాగుంటే ఏడాది తేడాతో కొలతలు ఉండాలి. మూడు నెలల తేడాతో లెక్క వేస్తే కొలతలో అర సెంటీమీటరు పొరపాటు ఏడాది లెక్కలో రెండు సెంటీమీటర్లు అయిపోతుంది. మీకు జరిగింది అదే.

ఈసారి నుంచి ఒకే చోట, ఒకే వేళకి, వీలైతే ఒకే మనిషి చేత కొలిపించండి. జిరాఫీ వద్దు. తల మీదకి పలక దిగే స్టేడియోమీటరు ఉండాలి. సాక్సులు కూడా తీసేయాలి, మడమలు, పిర్రలు, భుజాలు గోడకి ఆనాలి, చూపు ఎదురుగా ఉండాలి. పిల్లలు పొడుగు కనపడాలని గడ్డం పైకెత్తుతారు, అలా ఎత్తితే నిజానికి తగ్గుతుంది. నేను దవడల కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకి సర్ది, గట్టిగా ఊపిరి తీసుకో అంటాను, అలా మూడు సార్లు కొలిచి సగటు రాస్తాను. మెడ పొట్టిగా ఉన్న పిల్లలకి ఇది ఇంకా జాగ్రత్తగా చేయాలి.

ఆరడుగుల_మామ
అమ్మా టెన్షన్ పడకండి. మా అబ్బాయి పదో తరగతి దాకా బుడ్డోడు, చేతి ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు రెండేళ్ళు వెనక ఉందన్నారు, అంటే ఇంకా రెండేళ్ళ ఎదుగుదల బ్యాంకులో ఉన్నట్టు. ఇంటర్‌లో ఒక్కసారిగా లేచాడు, ఇప్పుడు 178. మీ వాడికి కూడా ఎముక వయసు చూపించండి, వెనక ఉంటే పండగే.

కొలతల_సిస్టర్
మామ గారూ సగం నిజం. నూనన్ పిల్లల్లో కూడా ఎముక వయసు దాదాపు రెండేళ్ళు వెనకే ఉంటుంది, ఈడేరడం కూడా రెండేళ్ళు ఆలస్యం. కాబట్టి వీళ్ళు 18 దాటినా పెరుగుతారు, కొందరు ఇరవై దాటాక కూడా. అదొక్కటే మీ అబ్బాయితో పోలిక. మీ అబ్బాయికి లేటుగా వచ్చినా పూర్తి స్పర్ట్ వచ్చింది. నూనన్‌లో ఆ స్పర్ట్ చిన్నది, ఒక్కసారిగా లేవరు, మెల్లగా ఎక్కువ కాలం సాగుతారు. అందుకే ఎక్స్‌రే చూసి ఇంత హైట్ వస్తాడు అని చెప్పే లెక్కలు వీళ్ళ విషయంలో నమ్మలేం. బ్యాంకులో డబ్బుంది నిజమే, వడ్డీ రేటు తక్కువ.

బాబిఅమ్మ గారూ, మీరు ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోవాల్సింది 12 నుంచి 15 దాకా. తోటివాళ్ళందరూ ఏడాదికి 8, 9 చొప్పున లేస్తారు, మీ వాడు అదే 4, 5 దగ్గర ఉంటాడు. తేడా ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ వయసులో మా దగ్గరకి ఏడ్చుకుంటూ వచ్చేవాళ్ళు ఎక్కువ. నిజానికి పిల్లాడు ఆగలేదు, వాళ్ళు పరిగెత్తారు. పెద్దయ్యాక ఎంత అంటే, 1988 నాటి జర్మనీ లెక్కల్లో నూనన్ మగవాళ్ళ సగటు 162 చిల్లర, ఆడవాళ్ళది 153 దగ్గర. అవి జర్మన్లవి అని గుర్తుంచుకోండి, మన దగ్గర అంతకంటే తక్కువే అనుకోవాలి.

సుజి_డాలస్
ఆ 12-15 గురించి సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. 9వ తరగతిలో నా ఫ్రెండ్స్‌తో ఫోటో దిగితే నేను వాళ్ళ చెల్లెల్లా ఉంటా. కానీ ఇంకో మాట, 17 నుంచి 20 మధ్యలో నేను 5 సెంటీమీటర్లు పెరిగా, ఆ టైంకి అందరూ కొలవడం మానేశారు కాబట్టి ఎవరికీ తెలీదు, చుడీదార్ ప్యాంట్లు పొట్టైతే మా అమ్మే కనిపెట్టింది.

బాబిఅమ్మ_గుంటూరు
ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది. సిస్టర్ గారూ ఇంకోటి. తల్లిదండ్రుల హైట్‌తో లెక్క ఒకటి ఉంటుందట కదా. మా ఆయన 165, నేను 154. ఆ లెక్క ప్రకారం 166 వస్తుందని మా డాక్టరు గారి అసిస్టెంట్ అన్నారు. అంటే వీడు మా ఆయన అంతైనా అవుతాడా?

కొలతల_సిస్టర్
మగపిల్లాడికి నాన్నదీ అమ్మదీ కూడి 13 కలిపి రెండుతో భాగిస్తారు, అది కరెక్టే, 166 వస్తుంది. రెండు ప్రశ్నలు అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మీ ఆయన 165 అని ఎవరు కొలిచారు? రెండోది, మీ అత్తగారు "వాళ్ళ నాన్నా పొట్టే" అన్నారన్నారు. ఆయన తోబుట్టువులు ఎంత ఉంటారు? ఆయనకి చిన్నప్పుడు గుండెలో చప్పుడు అన్నారా, వృషణం దిగక ఆపరేషన్ లాంటిది ఏమైనా జరిగిందా? కనురెప్పలు కొంచెం వాలినట్టు ఉంటాయా?

బాబిఅమ్మ_గుంటూరు
అమ్మో. మీరు మా ఆయన్ని చూశారా? రెప్పలు వాలే ఉంటాయి, పెళ్ళి వీడియోలో నిద్రపోతున్నాడని మా చెల్లి ఇప్పటికీ ఏడిపిస్తుంది. నాలుగేళ్ళప్పుడు ఆ ఆపరేషన్ జరిగిందని ఇప్పుడే అత్తగారిని అడిగితే చెప్పారు, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలా. మా బావగారు 173, ఆడపడుచు 160. మధ్యలో ఈయనే పొట్టి. గుండె సంగతి ఎప్పుడూ చూపించుకోలేదు. ఇంకోటి చెప్పారు, ఈయన ఇంటర్ అయ్యేదాకా అన్నయ్య నిక్కర్లే వేసుకునేవాడట, డిగ్రీ సెకండియర్‌లో ప్యాంట్ల మడతలు విప్పించారట టైలర్ దగ్గర.

కొలతల_సిస్టర్
చూడకుండా నేనేమీ తేల్చను. కానీ మీ జెనెటిక్స్ డాక్టరు గారికి ఇవన్నీ చెప్పండి. బాబు రిపోర్టులో ఉన్న ఆ ఒక్క మార్పు నాన్న రక్తంలో ఉందా అని చూడటం చిన్న పరీక్ష, మొత్తం జీన్స్ మళ్ళీ చూడక్కర్లేదు. ఉంటే ఆయనకి కూడా ఒకసారి ఎకో, అంటే గుండె స్కాన్ తీయించాలి. ఇక లెక్క సంగతి. నాన్నకే ఆ జీన్ ఉంటే ఆయన హైట్ ఆ ఇంటి హైట్ కాదు, జబ్బు అప్పటికే కోసుకున్న హైట్. దాన్ని లెక్కలో వేసి టార్గెట్ తక్కువగా ఉంది, పిల్లాడు దానికి దగ్గర్లోనే ఉన్నాడు, ఇది వంశపారంపర్య పొట్టితనమే అని పంపేసిన కేసులు నేను చూశా.

ల్యాబ్_రాజన్న
సిస్టర్, ఒక డౌట్. మా దగ్గర ఇట్లాంటి పిల్లగానికి గ్రోత్ హార్మోన్ టెస్ట్ జేస్తె నార్మల్ ఒచ్చింది. హార్మోన్ మంచిగనే ఉన్నప్పుడు ఇంజక్షన్లు ఎందుకు ఇస్తరు?

కొలతల_సిస్టర్
మంచి ప్రశ్న రాజన్న గారూ. నూనన్‌లో చాలామందికి హార్మోన్ సరిపడానే వస్తుంది. ముఖ్యంగా పీటీపీఎన్11 వాళ్ళలో ఆ హార్మోన్ కణం తలుపు కొడుతుంది గానీ లోపలికి కబురు సరిగ్గా అందదు. అందుకే ఆ కబురు అందితే తయారయ్యే ఐజీఎఫ్-1 తక్కువ ఉంటుంది, హార్మోన్ టెస్ట్ నార్మల్ ఉంటుంది. ఎక్కువ డోస్ ఇచ్చి గట్టిగా తలుపు కొట్టించడమే ఇంజక్షన్ ఆలోచన. అమెరికాలో 2007లో నూనన్‌కి అనుమతి ఇచ్చారు. మొదటి ఏడాది బాగా సాగుతారు, తర్వాత ఏడాదేడాదికీ వేగం తగ్గుతుంది. ఈడేరడానికి ముందు ఎంత ఎక్కువ కాలం దొరికితే అంత లాభం. చివరి హైట్ ఎంత కలుస్తుందంటే ఒక్కో రిపోర్టు ఒక్కోలా ఉంది, ఎందుకంటే సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా పెద్దయ్యేదాకా చూసిన పరీక్ష లేదు.

ముందు ఎకో తప్పనిసరి. నూనన్‌లో కొందరికి గుండె కండరం మందంగా ఉంటుంది, వాళ్ళకి ఇవ్వాలంటే డాక్టర్లు వెనకాడతారు. ఇచ్చేవాళ్ళకి కూడా మధ్యమధ్యలో ఎకో చూస్తూ ఉంటారు.

ఆరడుగుల_మామ
రోజూ ఇంజక్షన్, ఏళ్ళ తరబడి, నెలకి వేలల్లో ఖర్చు, బరువు పెరిగేకొద్దీ డోసూ ఖర్చూ పెరుగుతాయి. నాలుగైదు సెంటీమీటర్ల కోసమా? నేనైతే ఇప్పించను.

సుజి_డాలస్
ఆరడుగులుండి చెప్పడం తేలిక మామగారూ :) బస్సులో పై రాడ్ అందని వాళ్ళని అడగండి. అలాగని నేను తీసుకోమని కూడా అనను, నాకు ఆ అవకాశం రాలేదు, వస్తే ఏం చేసేదాన్నో తెలీదు.

బాబిఅమ్మ_గుంటూరు
అప్‌డేట్ ఇద్దామని, ఏడు వారాలైంది. మా ఆయన రిపోర్ట్ వచ్చింది. అదే జీన్, అదే మార్పు. ఎకో తీస్తే పల్మనరీ వాల్వ్ కొంచెం దళసరిగా ఉంది, ఇరుకు లేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు ఆయన, నా వల్లే కదా వాడికి అని. మూడో రోజు బాబు పక్కన కూర్చుని నాకు కూడా నీ జీనే రా అంటే వాడు తెగ సంబరపడ్డాడు. వీడి చెల్లి, మా పాపకి మూడేళ్ళు, హైట్ 50వ గీత మీద ఉంది, అయినా సగం ఛాన్స్ కాబట్టి పరీక్ష చేయాలా ఎదురుచూడాలా అనేది జెనెటిక్స్ డాక్టరు గారితో మాట్లాడాలి.

బాబు ఎకోలో కండరం మందం లేదు. ఇంజక్షన్ గురించి ఇంట్లో రెండు పార్టీలు. ఆయన నేను బతకలేదా, ఉద్యోగం చేయట్లేదా అంటారు. నేను మొదలుపెడదాం అంటున్నా. డిసెంబర్ మూడో వారం పొద్దున 9కి అదే స్టేడియోమీటరు మీద కొలుస్తారు, అప్పుడు జూన్‌కి ఆరు నెలలు నిండుతాయి, దాన్ని బట్టి చూద్దాం అన్నారు డాక్టరు గారు.

సిస్టర్ గారూ, మీరు అడిగారు కదా ఎవరు కొలిచారని. మొన్న బాబుతో పాటు ఆయన్ని కూడా నిలబెట్టారు. 161. పెళ్ళి బయోడేటాలో అయిదడుగుల అయిదంగుళాలు అని రాసింది మా మామగారట.

కొలతల_సిస్టర్
నాన్నల హైట్ అడిగి రాసుకోకూడదు, నిలబెట్టి కొలవాలి అని మా డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు నాకు. 161తో వేస్తే 164 వస్తుంది, బావగారి 173తో వేస్తే 170. ఆ ఆరు సెంటీమీటర్లు మీ డాక్టరు గారికి చూపించండి. డిసెంబర్ కొలత ఇక్కడ రాయండమ్మా, సాక్సులు తీయించడం మర్చిపోకండి.